స్కోలిన్ ఇచ్చాక ఊపిరి రాలేదు: నియోస్టిగ్మిన్ ఎందుకు వద్దన్నారు?

రాత్రిడ్యూటీ
మత్తు వైద్యంలో పీజీ మొదటి ఏడాది చదువుతున్నాను. మొన్న రాత్రి జరిగిన ఒక కేసు గురించి అడగాలి. రోగి వివరాలు గుర్తు పట్టకుండా మార్చి రాస్తున్నాను.

అపెండిక్స్ ఆపరేషను. ఇరవైలలో ఉన్న అబ్బాయి, 65 కిలోలు, ఇతర జబ్బులేమీ లేవు. కడుపు నిండుగా ఉందని నిద్ర పుచ్చే ప్రొపోఫాల్ వెంటనే కండరాలను వదులు చేసే స్కోలిన్ 100 మి.గ్రా. ఇచ్చి గొట్టం వేశాం. కనురెప్పల నుంచి కాలివేళ్ల దాకా కండరాలు చిన్నగా అదిరాయి, నిమిషంలోపే ఒళ్లు వదిలేసింది. అంతా మామూలే. తర్వాత నేను అదే పని ఎక్కువసేపు చేసే అట్రాక్యూరియం సిరంజి అందుకుంటుంటే మా సీనియర్ ఆపారు. ‘ముందు స్కోలిన్ దిగిందో లేదో చూడు, ఆ తర్వాతే రెండోది’ అన్నారు.

పది నిమిషాలైంది, ఇరవై అయింది, ఊపిరి ప్రయత్నమే లేదు. మణికట్టు దగ్గర నరం మీద మానిటర్ పెట్టి చూస్తే TOF 0, అంటే వరుసగా ఇచ్చిన నాలుగు విద్యుత్ పోట్లలో ఒక్కదానికీ కదలిక లేదు. ఆపరేషను ముగిసినా బొటనవేలు కదలలేదు. నియోస్టిగ్మిన్ ఇద్దామా అని అడిగాను. సీనియర్ సిరంజిలోకి కూడా తీయనివ్వలేదు. వెంటిలేటర్ మీదే ఐసీయూకి తరలించాం. తెల్లవారుజామున అబ్బాయి తల ఎత్తి పట్టుకోగలిగాక గొట్టం తీశాం.

అట్రాక్యూరియం, వెక్యూరోనియంలకు రోజూ విరుగుడుగా ఇచ్చే మందే కదా. దీనికి ఎందుకు పనికిరాదు? ‘పుస్తకం చూడు’ అన్నారు. చూశాను. డీపోలరైజింగ్ కాబట్టి అని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం నాకు చాలలేదు.

గుళిక
ఫార్మసిస్టును. ఇది తేలికే. నాడి నుంచి కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమే స్కోలిన్‌నూ విరుస్తుంది. నియోస్టిగ్మిన్ ఆ ఎంజైమును ఆపేస్తుంది. విరిచేవాడినే కట్టేస్తే మందు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అందుకే వద్దన్నారు. ఇప్పుడు సుగమ్మడెక్స్ వచ్చింది కదా, అది ఇచ్చి ఉంటే ఐదు నిమిషాల్లో లేచేవాడు.

పాతకాపు
గుళిక గారూ, మీ ముగింపు సగం సరైనదే, దారి మాత్రం తప్పు. సుగమ్మడెక్స్ సంగతి పూర్తిగా తప్పు. అది స్కోలిన్‌ను అసలు పట్టుకోదు. రోక్యూరోనియం, కొంతమేరకు వెక్యూరోనియం దాని నోట్లో పడతాయి, అంతే. అట్రాక్యూరియం మీద కూడా పనిచేయదు.

ఎంజైముల విషయానికి వద్దాం. నాడి, కండరం కలిసే చోట ఉండే అసిటైల్‌కోలినెస్టరేజ్ స్కోలిన్‌ను ముట్టుకోదు. దాన్ని విరిచేది రక్తంలోని ప్లాస్మాలో తిరిగే వేరే ఎంజైము. సూడోకోలినెస్టరేజ్ అంటారు, బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అన్నా అదే. మామూలు మనిషికి సిరలోకి ఎక్కించిన స్కోలిన్‌లో కండరం దాకా చేరేది ఏ పదో వంతో. మిగిలినది దారిలోనే విరిగిపోతుంది. చేరిన ఆ కాస్తా అక్కడ విరగదు. ప్లాస్మాలో మోతాదు పడిపోగానే అది తిరిగి రక్తంలోకి జారుకుంటుంది. అందుకే ఐదు నుంచి పది నిమిషాల్లో ఊపిరి వస్తుంది. ఈ అబ్బాయిలో ప్లాస్మా ఎంజైము పనిచేయలేదనుకోండి. కండరానికి చేరిన మోతాదే పదింతలైంది, పైగా వెనక్కి జారేందుకు వాలు లేదు.

ఇక రాత్రిడ్యూటీ అసలు ప్రశ్న. బస్సులో సీటు మీద రుమాలు వేయడం అందరికీ తెలిసిందే. వెక్యూరోనియం, అట్రాక్యూరియం ఆ రుమాళ్లు. కండరం మీద అసిటైల్‌కోలిన్ వచ్చి కూర్చునే గ్రాహకమే సీటు, దాని మీద పడి ఉంటాయి, తాము కూర్చోవు, ఇంకొకరిని కూర్చోనివ్వవు. గ్రాహకంలోని ద్వారం తెరుచుకోదు కాబట్టి కండరం కదలదు, మొదట్లో అదరడమూ ఉండదు. నియోస్టిగ్మిన్ ఇస్తే అసిటైల్‌కోలిన్ విరగకుండా పోగుపడి జనం పెరుగుతారు. రుమాలు పక్కకు తోసి కూర్చుంటారు. స్కోలిన్ అలా కాదు. రెండు అసిటైల్‌కోలిన్ అణువులు కలిస్తే స్కోలిన్. అది నిజంగానే కూర్చుంటుంది. ద్వారం తెరుస్తుంది, కండరం ఒకసారి అదురుతుంది, ఆ తర్వాత లేవదు. ద్వారం తెరిచే ఉండిపోవడంతో చుట్టుపక్కల సోడియం మార్గాలు మూతపడి, తిరిగి సిద్ధం కాలేక మొద్దుబారిపోతాయి. ఇప్పుడు జనాన్ని పెంచితే వాళ్లు చేసేదీ ఆ పనే కదా? ద్వారం తెరిచే ఉంచుతారు.

దానికితోడు గుళిక గారు చెప్పినది మిగిలే ఉంది. నియోస్టిగ్మిన్ ప్లాస్మా ఎంజైమును కూడా అణిచేస్తుంది. అబ్బాయిలో మిగిలిన కాస్త ఎంజైమునూ మీ చేతులతో తీసేసినట్టు అయ్యేది.

కృష్ణాతీరం
నేను వైద్యుణ్ని కాను, మా ఇంట్లో జరిగినది చెబుతాను. మా అక్కకు కాన్పు ఆపరేషను అప్పుడు మత్తు ఎక్కువైపోయి చాలా గంటలు తెలివి రాలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. బయటికి వచ్చాక కాగితం మీద ‘స్కోలిన్ ఇవ్వరాదు’ అని రాసిచ్చారు. ఎక్కువ మోతాదు ఇచ్చి ఆ మాట రాసి తప్పించుకున్నారని మేం ఇప్పటికీ అనుకుంటాం. ఈ అబ్బాయికీ అంతేనా? మత్తు తగ్గించి ఇస్తే సరిపోయేది కదా?

లండన్_చలి
కృష్ణాతీరం గారూ, స్కోలిన్ మత్తుమందు కాదండీ. అది నిద్ర పుచ్చదు, నొప్పి తీయదు. కండరాలను మాత్రమే ఆపుతుంది. మీ అక్కగారికి తెలివి రాలేదని మీకు కనిపించి ఉంటుంది. కళ్లు తెరిచే కండరం కూడా పనిచేయలేదు కాబట్టి లోపల మెలకువ ఉందో లేదో బయటివాళ్లకు తెలియదు. ఆ కాగితం రాసినవారు సరైన పనే చేశారనిపిస్తోంది. అక్కడ జరిగినది నాకు తెలియదు కాబట్టి అంతకు మించి అనను.

రాత్రిడ్యూటీ, ఈ విషయంలోనే నిన్ను ఒకటి అడగాలి. ఆపరేషను ముగిశాక మత్తు గ్యాసు ఆపేశారా? ఇలాంటి కేసుల్లో జరిగే అసలు హాని ఊపిరి ఆగడం వల్ల కాదు, ఊపిరి వెంటిలేటర్ ఇస్తుంది. ‘ఇప్పుడు లేస్తాడు’ అనుకుని మత్తు ఆపేయడం వల్ల. ప్రొపోఫాల్ ఒక్క మోతాదు నిలిచేది కొద్ది నిమిషాలే.

రాత్రిడ్యూటీ
గ్యాసు ఆపేశాం సార్. ఐదారు నిమిషాల తర్వాత నాడి 80ల నుంచి 118కి వెళ్లింది, రక్తపోటు పెరిగింది. సీనియర్ టేపు తీసి కనురెప్ప ఎత్తారు. కంటిపాప పెద్దదైంది, కంటి మూల నుంచి నీరు చెవి వైపు కారుతోంది. ఆయన వెంటనే ప్రొపోఫాల్ ఇచ్చి, తర్వాత పంపు పెట్టించారు. అబ్బాయి చెవి దగ్గర వంగి, ‘ఆపరేషను బాగా అయింది, మందు దిగడానికి సమయం పడుతోంది, మేం పక్కనే ఉన్నాం’ అని చెప్పారు. నిద్రలో ఉన్నవాడితో ఎందుకు మాట్లాడుతున్నారా అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది.

మరో సంగతి. తర్వాత ఇంటివాళ్లను అడిగితే, మేనమామకు ఎప్పుడో చిన్న ఆపరేషను తర్వాత ఒక రాత్రంతా మిషను మీద ఉంచారని చెప్పారు. ముందు అడిగినప్పుడు ‘ఎవరికీ ఏమీ లేదు’ అన్నారు. వాళ్లది ఆర్యవైశ్య కుటుంబం. తల్లిదండ్రులిద్దరూ దగ్గరి బంధువులు.

కృష్ణాతీరం
మేమూ ఆర్యవైశ్యులమే! దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

పాతకాపు
సంబంధం ఉంది. ఆందోళన పడేంత కాదు, తెలుసుకుని ఉండాల్సినంత ఉంది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహంలో, ఎప్పుడో ఒక పూర్వీకుడి దగ్గరున్న జన్యు మార్పు సంఖ్యలో పెరుగుతుంది. వైశ్య సమూహంలో ఈ ఎంజైము జన్యువులో ఒక అమైనో ఆమ్లం మారిన రకాన్ని 2006లో ప్రచురించారు. ల్యూసిన్ ఉండాల్సిన 307వ చోట ప్రోలిన్ ఉంటుంది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న 2017 నాటి ఒక అధ్యయనం దక్షిణాసియా సమూహాల గురించి చెబుతూ, ఈ లోపం వైశ్యుల్లో ఇతరుల కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ అని ఉదాహరణగా చూపింది. మన ప్రాంతంలో మత్తు ఇచ్చే పాతవాళ్లకు ఇది అంతకు ముందే అనుభవంలో ఉంది. పేరు చివర మాట వినగానే స్కోలిన్ పక్కన పెట్టేవాళ్లు.

వంద రెట్లు అన్నా ఆ సమూహంలో ఎక్కువమందికి ఎంజైము బాగానే ఉంటుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండూ లోపమున్న ప్రతులే వస్తేనే గంటల తరబడి ఆగుతుంది. ఒక్కటే వస్తే కొన్ని నిమిషాల తేడా, చాలాసార్లు ఎవరూ గమనించరు కూడా. అలాగే వేరే కులమైతే నిశ్చింత అనుకోవద్దు. ఈ లోపంలో రకాలు చాలా ఉన్నాయి, ఎవరిలోనైనా రావచ్చు.

కృష్ణాతీరం గారూ, మీ అక్కగారి కాగితాన్ని తప్పించుకోవడానికి రాసినదిగా చూడకండి. మీకు, మీ తోబుట్టువులకు రక్తపరీక్ష చేయించండి. తల్లిదండ్రుల నుంచి ఆమెకు వచ్చినవే మీకూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

లండన్_చలి
నా సూటి ప్రశ్న ఒకటి. ఇంత తెలిసీ స్కోలిన్ ఎందుకు? మేం అత్యవసర కేసుల్లో రోక్యూరోనియం కిలోకు 1.2 మి.గ్రా. ఇస్తాం. నిమిషంలో గొట్టం వేయవచ్చు. ఇబ్బంది వస్తే సుగమ్మడెక్స్ ఉంది. పెద్ద చక్కెర వలయం లాంటి అణువు, రోక్యూరోనియాన్ని ఒక్కొక్కటిగా లోపల బంధించేస్తుంది. గ్రాహకం దగ్గర పోటీ పెట్టాల్సిన పనే లేదు. రక్తంలో మందు బందీ అయ్యేకొద్దీ కండరం దగ్గర ఉన్నది అదే బయటికి వస్తుంది.

స్కోలిన్‌తో వచ్చే గొడవలు ఎంజైము ఒక్కటేనా? కాలిన గాయాలవాళ్లు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు, నెలల తరబడి మంచాన ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్ల కండరం మీద గ్రాహకాలు అంతటా మొలుస్తాయి. అవన్నీ ఒక్కసారి తెరుచుకుంటే పొటాషియం వరదలా బయటపడి గుండె ఆగుతుంది. మామూలు మనిషిలో పెరిగేది లీటరుకు అర మిల్లీమోల్ మాత్రమే. ఇక ఒళ్లు ప్రాణం మీదికి వచ్చేంతగా వేడెక్కే మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా వస్తే దాని విరుగుడు డాంట్రోలీన్ కావాలి. అది మీ బీరువాలో ఉందా?

పాతకాపు
మా బీరువాలో డాంట్రోలీన్ లేదు, ఆ మాట దాచను. కానీ మీ లెక్క మా వైపు నుంచి చూడండి. గొట్టం వేయలేక, మాస్కుతో గాలీ అందక ఇరుక్కున్నప్పుడు రోక్యూరోనియాన్ని వెంటనే వెనక్కి తిప్పాలంటే కిలోకు 16 మి.గ్రా. సుగమ్మడెక్స్ కావాలి. ఈ అబ్బాయి 65 కిలోలు, అంటే 1040 మి.గ్రా. 200 మి.గ్రా. సీసాలు ఆరు తెరవాలి, సిరంజిలోకి తీయాలి, ఎక్కించాలి. ముందే తీసి పెట్టుకుంటే తప్ప ఆ హడావిడిలో అది సమయానికి అందదు. జిల్లా ఆసుపత్రిలో అన్ని సీసాలు రాత్రి తొమ్మిదింటికి ఎవరి దగ్గర ఉంటాయి? ఉన్నా ఖర్చు ఎవరు భరిస్తారు? స్కోలిన్ మాత్రం ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది, నూటికి తొంభై తొమ్మిది మందిలో తనంతట తానే దిగిపోతుంది.

అన్నట్టు, మివాక్యూరియం అనే, రుమాలు కోవకు చెందిన నాన్-డీపోలరైజర్‌ను విరిచేదీ ఇదే ప్లాస్మా ఎంజైము. స్కోలిన్ మానేసి అది ఇచ్చినా ఈ అబ్బాయి ఇలాగే పడుకునేవాడు. ‘నాన్-డీపోలరైజర్ అయితే చాలు’ అనే సూత్రం ఇక్కడ పనిచేయదు. అట్రాక్యూరియం ఫర్వాలేదు. అది కొంతవరకు శరీర ఉష్ణోగ్రత, ఆమ్లత్వం వల్ల తనంతట తానే, మిగతాది వేరే ఎంజైముల వల్ల విడిపోతుంది, ఈ ఎంజైముతో పని లేదు. హిస్టమిన్ విడుదల చేసి ఒళ్లు ఎర్రబడేలా, రక్తపోటు పడిపోయేలా చేయడం దాని చెడ్డ గుణం. మెల్లగా ఎక్కిస్తే చాలావరకు తప్పుతుంది.

లండన్_చలి
ఖర్చు మాట ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. ‘తనంతట తానే దిగిపోతుంది’ అన్న నమ్మకం మీద గొట్టం వేయలేని రోగిని వదిలేస్తే, స్కోలిన్ దిగేలోపే ఆక్సిజన్ పడిపోయే వాళ్లు చాలామంది ఉంటారు. లావుపాటివాళ్లు, గర్భిణులు మరీను. రెండు పద్ధతుల్లోనూ కాపాడేది విరుగుడు కాదు, ముందే ఇచ్చిన ఆక్సిజన్, గొంతు దగ్గర దారి తీయగల చెయ్యి.

సుగమ్మడెక్స్ కూడా నిర్దోషి కాదు. తీవ్రమైన అలర్జీ, నాడి మందగించడం చూశాం. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకు ఆ హార్మోనును కూడా అది కొంత పట్టుకుంటుంది కాబట్టి వారం రోజులు వేరే జాగ్రత్త తీసుకోమని చెప్పి పంపాలి. ఆ మాట చెప్పడం మావాళ్లే తరచూ మరిచిపోతారు.

పత్తిచేను
క్యాజువాల్టీలో నర్సును. మాది పత్తి పండే ప్రాంతం, పురుగుమందు తాగి వచ్చేవాళ్లు ఎక్కువ. ఒకసారి అలా వచ్చిన మనిషికి గొట్టం వేయడానికి స్కోలిన్ ఇచ్చారు, ఆ తర్వాత చాలాసేపు కదలిక లేదు. వాళ్లు వైశ్యులు కారు, ఇంట్లో ఎవరికీ ఇలాంటిది లేదు. అట్రోపిన్ బాగా ఇచ్చాం కాబట్టి ఎంజైము తిరిగి వచ్చి ఉండాలి కదా అని మా డ్యూటీ డాక్టరు ఆశ్చర్యపోయారు.

పాతకాపు
అట్రోపిన్ ఎంజైమును తిరిగి తేదమ్మా. నోటి నురగ, చెమట, నాడి మందగించడం, ఊపిరితిత్తుల్లో నీరు, వీటిని ఆపుతుంది. ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందు రెండు ఎంజైములనూ పట్టేస్తుంది, ప్లాస్మాలోదాన్ని కూడా. అంటే పుట్టుకతో ఎంజైము బాగున్న మనిషి, మందు తాగిన ఆ పూట మన కేసులోని అబ్బాయిలాంటివాడే. స్కోలిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే ఆ రోగుల్లో రోక్యూరోనియం మేలు, కాకపోతే అసిటైల్‌కోలిన్ అప్పటికే పోగుపడి ఉంటుంది కాబట్టి మోతాదు కాస్త ఎక్కువ పట్టవచ్చు.

నియోస్టిగ్మిన్ పక్కన గ్లైకోపైరోలేట్ ఎందుకు కలుపుతారో మీరు చెప్పిన కేసే చూపిస్తుంది. నియోస్టిగ్మిన్ అంటే మితంగా, కొద్దిసేపు చేసే ఆ పురుగుమందు పనే. కండరం దగ్గర మనకు కావలసిన మేలు జరుగుతుండగా గుండెను నెమ్మదిస్తుంది, నోట్లో లాలాజలం ఊరిస్తుంది, ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. వాటిని ఆపడానికి 2.5 మి.గ్రా. నియోస్టిగ్మిన్‌కు అర మి.గ్రా. గ్లైకోపైరోలేట్.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. అట్రాక్యూరియం కేసు ముగిసింది, నియోస్టిగ్మిన్ ఇచ్చారు, గొట్టం తీశారు, స్వరపేటిక బిగుసుకుపోయింది. చటుక్కున స్కోలిన్ ఇస్తారు. ప్లాస్మా ఎంజైము అప్పటికే నియోస్టిగ్మిన్ చేతిలో ఉంది కాబట్టి ఆ స్కోలిన్ మామూలు కంటే చాలాసేపు నిలుస్తుంది. ఇవ్వకూడదని కాదు. ఇచ్చాక రెండు నిమిషాల్లో లేస్తాడని మాస్కు దించేయకూడదు.

గుళిక
ఎంజైముల విషయం సరిదిద్దినందుకు సరే. కానీ ‘నియోస్టిగ్మిన్ ఎప్పుడూ వద్దు’ అనడం నాకు నచ్చలేదు. స్కోలిన్ ఎక్కువసేపు ఉంటే రెండో దశ వస్తుందని, అప్పుడది నాన్-డీపోలరైజర్‌లాగే ప్రవర్తిస్తుందని చదివాను. అప్పుడు నియోస్టిగ్మిన్ పనిచేయాలి కదా?

రాత్రిడ్యూటీ
నాకూ అదే సందేహం. మేం మానిటర్‌లో చూసినది రాస్తాను. మొదట ఏమీ లేదు. చాలాసేపటి తర్వాత వరుసగా ఇచ్చే నాలుగు పోట్లకు బొటనవేలు కదలడం మొదలైంది. మొదటిది కాస్త కనిపించేది, నాలుగోది దాదాపు లేదు. అట్రాక్యూరియం దిగేటప్పుడు చూసే తరుగుదలే. మామూలు స్కోలిన్‌లో నాలుగూ సమానంగా తగ్గి సమానంగా పెరగాలి కదా. ఇది రెండో దశేనా?

పాతకాపు
అవును, నువ్వు చూసినది రెండో దశే. గుళిక గారు అడిగినదీ న్యాయమే. రక్తంలో స్కోలిన్ పూర్తిగా పోయి, కదలికలు కొంతవరకు వచ్చి అక్కడే ఆగిపోతే నియోస్టిగ్మిన్ ఉపయోగపడవచ్చని కొందరు అంటారు. అది నిజమైన సందర్భాలూ ఉన్నాయి. రక్తంలో ఇంకెంత స్కోలిన్ మిగిలి ఉందో మంచం పక్కన నిలబడి చెప్పగలవారు ఎవరు? ఎంజైమే లేనివాడిలో అది గంటల తరబడి తిరుగుతుంటుంది. అంచనా తప్పితే, కాస్త వచ్చిన కదలికను కూడా పోగొట్టుకుంటాం. వేచి ఉంటే పోయేది ఐసీయూ మంచం, ఒక రాత్రి నిద్ర. నేనైతే మత్తు కొనసాగించి, వెంటిలేటర్ మీద ఉంచి, నాలుగో కదలిక మొదటిదానిలో తొంభై శాతానికి చేరేదాకా గొట్టం ముట్టుకోను.

లండన్_చలి
ఇక్కడ మాత్రం పాతకాపు గారితో నాకు తగవు లేదు. ప్లాస్మా ఎక్కించి ఎంజైము అందించవచ్చని కూడా కొందరు చేస్తారు. మందు దానంతట అదే దిగుతుంటే, ఇంకొకరి ప్లాస్మాతో వచ్చే అలర్జీ, అంటు భయాలు తలకెత్తుకోవడం నాకు సమంజసంగా తోచదు.

గుళిక
ఎంత స్కోలిన్ మిగిలిందో తెలియదు కాబట్టి ఇవ్వం అన్నది ఒప్పుకుంటాను. రెండో దశలో నియోస్టిగ్మిన్ పనిచేయదు అన్నది ఒప్పుకోను. రెండూ ఒకటి కాదు.

పాతకాపు
ఒకటి కాదనే నేనూ అన్నాను.

రాత్రిడ్యూటీ
ల్యాబు కాగితం ఈ రోజు వచ్చింది. కోలినెస్టరేజ్ చురుకుదనం వాళ్లు ఇచ్చిన మామూలు పరిధిలో కింది గీతకు కూడా చాలా దిగువన, దాదాపు లేనట్టే ఉంది. డిబుకేన్ సంఖ్య కూడా పంపమంటారా? మామూలువాళ్లలో 80 దగ్గర, లోపమున్న ఒక రకంలో 20 దగ్గర వస్తుందని చదివాను.

పాతకాపు
ఆ సంఖ్య చెప్పేది ఉన్న ఎంజైము ఏ రకమో. ఎంజైమే లేనిచోట ఆ పరీక్షకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చురుకుదనం కొలతే ఎక్కువ చెబుతుంది. అయితే కాలేయం దెబ్బతిన్నా, గర్భంలోనూ, పురుగుమందు వల్లా అది తగ్గుతుంది కాబట్టి కొన్నాళ్లు పోయాక మరోసారి చూడండి. అబ్బాయి తోబుట్టువులు?

రాత్రిడ్యూటీ
అన్నయ్య, చెల్లెలు ఉన్నారు. చెల్లెలి రక్తం తీశాం. అన్నయ్యకు వచ్చే నెల హెర్నియా ఆపరేషను ఉందట, వేరే ఊళ్లో.

కృష్ణాతీరం
మా అక్క దగ్గర ఉన్న కాగితం వెలిసిపోయింది, అక్షరాలు సరిగా కనబడవు. కొత్తగా రాయిస్తే ఏమేం రాయించాలి?

పాతకాపు
మందు పేరు పూర్తిగా, సక్సామెథోనియం అనీ స్కోలిన్ అనీ రెండూ. మివాక్యూరియం పేరు కూడా. ఎన్ని గంటలు ఊపిరి రాలేదో, ఎంజైము కొలత, పరీక్ష చేసిన తేదీ. ఎప్పుడూ దగ్గర ఉండే కార్డు మీద రాయించండి, ఫోనులో ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపండి. రాత్రిడ్యూటీ, ఆ అన్నయ్య ఊళ్లో మత్తు ఇచ్చేవారికి నువ్వే ఫోను చెయ్యి. ఇంటివాళ్ల ద్వారా కబురు పంపితే ‘మా తమ్ముడికి మత్తు పడలేదు’ అనే మాటే అక్కడికి చేరుతుంది.